సాయంత్రపు ఊరట, తెల్లవారి దడ: మత్తు ఆందోళనను పెంచే తీరు

మనసు కలవరపడినప్పుడు దానిని అణచుకోవడానికి మనుషులు సాధారణంగా ఆశ్రయించేవి మూడు: కల్లు లేదా సారాయి వంటి మద్యం, బీడీ లేదా సిగరెట్టు, నిద్రమాత్ర. ఈ మూడింటితోనూ మొదట కొంత ఊరట కలుగుతుందన్న మాట అబద్ధం కాదు. తాగినవాడికి గుండెదడ తగ్గడం, మాత్ర వేసుకున్నవాడికి కన్ను మూతపడడం నిజంగానే జరుగుతాయి. అయితే వారాలు, నెలలు గడిచిన కొద్దీ అదే మనిషిలో ఆందోళన మునుపటికన్నా ఎక్కువవుతుంది, మత్తు లేని వేళల్లో అది భరించరానిదిగా మారుతుంది. దీనికి కారణాన్ని బలహీనమైన మనస్తత్వంలో వెతకడం పొరపాటు. అది మెదడు పనిచేసే తీరులోనే ఉంది. ఆ తీరును బోధపరచుకోవడానికి తెలంగాణ పల్లెల్లో అందరూ ఎరిగిన ఒక ఉదాహరణ ఉంది. అది మత్తుమందులు కలిపిన కల్లు. మద్యమూ నిద్రమాత్రా ఒకే సీసాలో కలిసి మనిషి లోపలికి వెళ్ళే సందర్భం ఇది.

చెట్టు కల్లు, మందు కల్లు

భూపాలపల్లి జిల్లాలోని రేగొండ మొదలుకొని జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల వరకు తాటిచెట్లూ ఈతచెట్లూ కల్లుగీతకు ఆధారం. గీత కార్మికుడు చెట్టు నుండి దించిన రసం మొదట తియ్యగా ఉంటుంది. గాలిలోను, కుండలోను ఉండే ఈస్ట్ అనే సూక్ష్మజీవి అందులోని చక్కెరను గంటల వ్యవధిలోనే ఆల్కహాలుగా మారుస్తుంది. ఇలా పులిసిన కల్లులో ఆల్కహాలు సుమారు నాలుగైదు శాతం, అంటే దాదాపు బీరులో ఉండేంత ఉంటుంది. అయితే చెట్టు ఇచ్చే కల్లుకు ఒక హద్దు ఉంది. అది రుతువును బట్టి, చెట్ల సంఖ్యను బట్టి మారుతుంది. దుకాణంలో గిరాకీ ఆ హద్దును దాటినప్పుడు కొందరు వ్యాపారులు కల్లులో నీళ్ళు పోసి, తీపి కోసం శాకరిన్ కలిపి, తగ్గిన మత్తును పూరించడానికి డైజోఫాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులు కలుపుతూ వచ్చారు. జనం డైజోఫాం అని పిలిచే మందు వైద్యుల చీటీలో డయజెపామ్. అది 1963లో మార్కెట్లోకి వచ్చింది. అల్ప్రాజోలం ఆ కుటుంబానికే చెందిన మందు. క్లోరల్ హైడ్రేట్ వీటికన్నా చాలా పాతది, 1869 నుండే నిద్రమందుగా వాడుకలో ఉంది. వైద్యుడు కొలిచి ఇవ్వవలసిన ఈ మందులను కొలత లేకుండా కల్లులో కలపడం వల్ల, తాగేవాడు తనకు తెలియకుండానే ప్రతిరోజూ నిద్రమాత్ర వేసుకుంటున్న రోగి అవుతాడు.

ఈ విషయం 2015లో రాష్ట్రమంతటికీ తేటతెల్లమైంది. ఆ ఏడాది ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేయగా నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లులో మందు కలపడం ఉన్నట్టుండి తగ్గిపోయింది. ఆ తరువాత కొద్ది రోజులలోనే చేతులు వణుకుతూ, నిద్ర పట్టక, పొంతన లేకుండా మాట్లాడుతూ, కొందరు మూర్ఛలతో, పెద్ద సంఖ్యలో జనం ప్రభుత్వ ఆసుపత్రులకు చేరారు. వారిని జబ్బుపరచింది అప్పుడు తాగిన కల్లు కాదు, అప్పటివరకు అందులో ఉండి ఆ రోజు లేకుండా పోయిన మందు. విషం లోపలికి వెళ్ళినందుకు జబ్బు పడడం అందరికీ తెలిసిన సంగతే. అది ఆగిపోయినందుకు జబ్బు పడడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు జవాబు దొరికితే, మత్తు మొదట ఊరటనిచ్చి తరువాత ఆందోళనను ఎందుకు పెంచుతుందో కూడా తెలిసిపోతుంది.

మెదడులోని తక్కెడ

మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా సంభాషిస్తాయి. వీటిలో గ్లుటమేట్ అనే రసాయనం ఎదుటి కణాన్ని ఉత్తేజపరుస్తుంది, గాబా అనే రసాయనం దానిని శాంతింపజేస్తుంది. కణం పైపొరలో గాబా వచ్చి అతుక్కునే తలుపు వంటి ప్రొటీన్ ఒకటి ఉంటుంది. దీనిని గ్రాహకం అంటారు. గాబా అతుక్కోగానే ఆ తలుపు తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు, అనగా ఋణావేశం గల క్లోరిన్ కణికలు, లోపలికి ప్రవేశిస్తాయి, దానితో ఆ నాడీకణం కొంతసేపు స్పందించకుండా నెమ్మదిస్తుంది. భయానికి, కలవరానికి కేంద్రమైన అమిగ్డలా అనే మెదడు భాగంలోనూ ఈ ఏర్పాటే పనిచేస్తుంది కాబట్టి, గాబా ప్రభావం పెరిగితే భయం తగ్గుతుంది.

డయజెపామ్, అల్ప్రాజోలం గాబాకు బదులుగా పనిచేయవు. అవి గ్రాహకంలో మరొక చోట అతుక్కుని, గాబా వచ్చినప్పుడు ఆ తలుపు మరిన్నిసార్లు తెరుచుకునేటట్లు చేస్తాయి. క్లోరల్ హైడ్రేట్ కాలేయంలో ట్రైక్లోరోఎథనాల్ అనే పదార్థంగా మారి అదే గ్రాహకంపై పనిచేస్తుంది. ఆల్కహాలు ఒకవైపు గాబా ప్రభావాన్ని పెంచుతూ మరొకవైపు గ్లుటమేట్ పనిని అడ్డుకుంటుంది. మందు కలిపిన కల్లులో ఇవన్నీ ఒకే దిక్కున బరువు వేస్తాయి కనుకనే అది తాగినవాడికి ఊరట అంత త్వరగా, అంత బలంగా కలుగుతుంది. మోతాదు మించినప్పుడు శ్వాస మందగించి ప్రాణాపాయం ఏర్పడడానికి కారణం కూడా ఆ కలయికే.

మెదడు ఈ బరువును చూస్తూ ఊరుకోదు. తక్కెడలో ఒక పళ్ళెం కిందికి దిగినప్పుడు రెండవ పళ్ళెంలో బరువు వేసి ముల్లును మధ్యకు తెచ్చినట్లు, మెదడు తన ఉత్తేజాన్ని పెంచుకుని మందు కలిగించిన మాంద్యాన్ని సరిచేస్తుంది. రోజుల తరబడి మత్తు అందుతూ ఉంటే గాబా గ్రాహకాలు మొద్దుబారతాయి, వాటి కూర్పు మారుతుంది. గ్లుటమేట్ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. భయ సంకేతాలను మోసే నారడ్రినలిన్, ఒత్తిడి సంకేతాలను మోసే సీఆర్ఎఫ్ అనే రసాయనాలు అమిగ్డలా పరిసరాలలో చురుకవుతాయి. నాలుగైదు వారాల క్రితం ఒక సీసాతో కలిగిన ఊరటకు ఇప్పుడు రెండు సీసాలు కావలసిరావడం ఈ సర్దుబాటుకు మొదటి గుర్తు. ఇక మత్తు దిగిపోయిన వేళ ఒక పళ్ళెంలోని బరువు మాయమై రెండవ పళ్ళెంలోని బరువు మాత్రమే మిగులుతుంది. అప్పుడు పుట్టే దడ, వణుకు, చెమట, నిద్రలేమి ఆ మిగిలిన బరువుకు బయటి రూపాలు. వైద్యులు వీటిని విరమణ లక్షణాలు అంటారు.

ఒక రాత్రి లెక్క

ఈ సర్దుబాటు నిత్యజీవితంలో ఎలా కనబడుతుందో ఒక నమూనా లెక్కతో చూడవచ్చు. పత్తి అప్పుల దిగులుతో నిద్ర పట్టని ఒక రైతు రాత్రి ఎనిమిది గంటలకు 650 మిల్లీలీటర్ల కల్లు సీసాలు రెండు తాగాడనుకుందాం. ఐదు శాతం లెక్కన ఒక్కొక్క సీసాలో సుమారు 25 గ్రాముల చొప్పున మొత్తం 50 గ్రాముల ఆల్కహాలు అతని ఒంట్లోకి చేరుతుంది. కాలేయం గంటకు ఏడు నుండి పది గ్రాముల ఆల్కహాలును మాత్రమే విరగ్గొట్టగలదు కనుక అది పూర్తిగా పోవడానికి ఐదు నుండి ఏడు గంటలు పడుతుంది. అంటే రాత్రి ఒంటిగంటకు, మూడు గంటలకు మధ్య అతని రక్తంలో ఆల్కహాలు అయిపోతుంది, మెదడు పెంచుకున్న ఉత్తేజం మాత్రం ఇంకా ఉంటుంది. తాగినవారు తొలి జామున గాఢంగా నిద్రపోయి తెల్లవారుజామున ఉలిక్కిపడి లేవడానికి, లేచాక గుండె దడదడలాడడానికి మూలం ఇదే. చీకట్లో మేల్కొన్న ఆ రైతుకు అప్పు గుర్తుకు వస్తుంది. తన గుండెదడకు అప్పే కారణమని అతనికి తోస్తుంది. అప్పు నిజమైనదే, దిగులూ నిజమైనదే, కానీ ఆ వేళ ఆ దిగులు అంత తీవ్రంగా ఉండడంలో నిన్నటి సీసాకు వాటా ఉంది.

ఆ కల్లులో అల్ప్రాజోలం కూడా ఉంటే లెక్క మరికొంత పొడవవుతుంది. ఆ మందు రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు పదకొండు గంటలు పడుతుంది కాబట్టి ఉదయం ఏడు గంటలకు సగమూ, సాయంత్రం ఆరు గంటలకు పావు వంతూ మిగులుతాయి. మధ్యాహ్నం దాటాక ఒంట్లో ఏదో తెలియని గుబులు మొదలై, పొద్దు వాలే సరికి కాళ్ళు దుకాణం వైపు సాగడం ఈ తరుగుదలతో సరిపోలుతుంది. సీసా తాగగానే గుబులు పోతుంది. ఆ క్షణంలో కలిగిన ఊరటలో చాలా భాగం అప్పుల దిగులు తగ్గినందువల్ల వచ్చినది కాదు, విరమణ లక్షణం తీరినందువల్ల వచ్చినది. అయినా మెదడు ఈ రెంటినీ వేరుచేయలేదు. కల్లు తాగితే భయం పోతుందన్న పాఠాన్నే అది ప్రతి సాయంత్రమూ మరొకసారి నేర్చుకుంటుంది.

దుకాణం హఠాత్తుగా మూతపడితే ఇదే మనిషి పరిస్థితి వేగంగా మారుతుంది. ఆల్కహాలు వల్ల కలిగే విరమణలో ఆరు నుండి ఎనిమిది గంటలలోపే వణుకు, చెమట, ఆందోళన మొదలవుతాయి. మూర్ఛలు వచ్చేవారిలో అవి సాధారణంగా మొదటి 48 గంటలలోపే వస్తాయి. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరిలో లేనివి కనబడడం, ఎవరు ఎవరో పోల్చుకోలేకపోవడం, జ్వరం, రక్తపోటు పెరగడం వంటివి కలిసి ప్రాణాంతకమైన సన్నిపాత స్థితి ఏర్పడుతుంది. డయజెపామ్ మాత్రం ఒంట్లో చాలా కాలం నిలిచే మందు. అది సగానికి తగ్గడానికి ఒకటి రెండు రోజులు, దాని నుండి పుట్టే మరొక పదార్థం తగ్గడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది కనుక ఆ విరమణ కొన్ని రోజుల తరువాత గాని బయటపడకపోవచ్చు. ఒకే రోజు మందు ఆగినా అందరూ ఒకే రోజు జబ్బు పడకపోవడానికి ఈ తేడా ఒక కారణం కాగలదు. కల్లు మానేసిన నాలుగైదు రోజులకు మనిషి పిచ్చిచూపులు చూస్తూ మాట్లాడితే గాలి సోకిందని భ్రమించి కాలయాపన చేయడం ప్రమాదకరం. అది ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవలసిన లక్షణం.

ఇలాంటి అనుభవమే 2020 మార్చి చివర లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు మూతపడినప్పుడు మళ్ళీ ఎదురైంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి విరమణ లక్షణాలతో వచ్చేవారి సంఖ్య కొద్ది రోజులలోనే పెరిగిపోయింది. మానడం, తిరిగి మొదలుపెట్టడం పలుమార్లు జరిగినవారిలో ప్రతి విరమణా మునుపటికన్నా తీవ్రంగా ఉండే అవకాశం ఉందని కూడా వైద్యులు గమనించారు.

బీడీ దారి వేరు, చేరేది అక్కడికే

పొగాకులోని నికోటిన్ గాబా గ్రాహకంపై పనిచేయదు. నిజానికి అది ఉత్తేజకం, గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది. అలాంటి పదార్థం మనసును శాంతింపజేస్తుందని బీడీ తాగేవారు నమ్మడానికి కారణం దాని వేగంలో ఉంది. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలోనే నికోటిన్ మెదడును చేరి, అసిటైల్‌కోలిన్ అనే రసాయనం కోసం ఏర్పడిన గ్రాహకాలను తాకి, ఊరటను కలిగించే డోపమిన్‌ను విడుదల చేయిస్తుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలే పడుతుంది. అలవాటు పడిన మెదడులో ఈ గ్రాహకాల సంఖ్య పెరిగి ఉంటుంది కాబట్టి, రెండు గంటలు గడవగానే అవి ఖాళీగా మిగిలి చిరాకు, ఏకాగ్రత లోపం, ఆత్రుత పుడతాయి. మరొక బీడీ వాటిని తీరుస్తుంది. పొగ తాగనివాడు రోజంతా ఉండే సాధారణ స్థితికి పొగ తాగేవాడు బీడీ బీడీకీ కాసేపు మాత్రం చేరుకుంటాడు, ఆ చేరుకోవడాన్నే ప్రశాంతత అనుకుంటాడు.

ఈ వివరణ సరైనదైతే పొగ మానినవారిలో ఆందోళన చివరికి తగ్గాలి. అలాగే జరుగుతుందని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఒక సమీక్ష చూపింది. ఇరవై ఆరు అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఆ సమీక్షలో, పొగ మానినవారిలో ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయని, మానసిక వ్యాధులు ఉన్నవారిలో కూడా ఆ తగ్గుదల కనబడిందని తేలింది. అయితే మొదటి రెండు మూడు రోజులు ఆత్రుత పతాకస్థాయికి చేరుతుంది, రెండు నుండి నాలుగు వారాలలో అది క్రమంగా సద్దుమణుగుతుంది. ఆ తొలి రోజుల బాధను చూసి పొగ తనకు అవసరమని తీర్మానించుకోవడం వల్లనే చాలామంది వెనక్కి మళ్ళుతారు.

నేర్చుకోవలసిన పాఠం జారిపోవడం

గ్రాహకాల మార్పుతో పాటు మరొక నష్టం కూడా ఉంది. భయం ఎవరూ అణచకపోయినా తనంతట తానే ఒక స్థాయికి పెరిగి తగ్గుతుంది, ఆ తగ్గుదలను మెలకువతో అనుభవించిన మెదడు మరుసటిసారి అంతగా భయపడదు. మధ్యలో మత్తు తీసుకుంటే, భయాన్ని దాటిన ఘనత మెదడు దృష్టిలో సీసాకో మాత్రకో దక్కుతుంది. 1993లో వెలువడిన లండన్-టొరంటో అధ్యయనం దీనిని పరీక్షించింది. జనసమ్మర్దంలోకి, బయటి ప్రదేశాలకు వెళ్ళలేనంత భయంతో బాధపడే 154 మందిలో కొందరికి అల్ప్రాజోలం, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చి, భయపడే స్థలాలకు మెల్లమెల్లగా అలవాటు చేసే చికిత్సతో పోల్చి చూశారు. మందు మానిన తరువాత, చికిత్సతో పాటు అల్ప్రాజోలం తీసుకున్నవారు తాము సాధించిన మెరుగుదలను ఎక్కువగా కోల్పోయారు, ఉత్త మాత్రతో చికిత్స పొందినవారు దానిని నిలుపుకున్నారు.

అంతమాత్రాన ఈ మందులు పనికిరానివని చెప్పడం సరికాదు. ఆగని మూర్ఛలను ఆపడానికి, శస్త్రచికిత్సకు ముందు, మద్యం విరమణలో ప్రాణం కాపాడడానికి డయజెపామ్ వర్గపు మందులు ఇప్పటికీ అవసరమే. హాని వాడకం వ్యవధితో ముడిపడి ఉంది. 1988లోనే బ్రిటన్ ఔషధ భద్రతా సంఘం తీవ్రమైన ఆందోళనకు వీటిని రెండు నుండి నాలుగు వారాలకు మించి వాడరాదని సూచించింది. మందుల దుకాణంలో పాత చీటీ చూపి నెలల తరబడి అల్ప్రాజోలం కొనుక్కునేవాడూ, మందు కల్లు తాగేవాడూ ఈ విషయంలో ఒకే స్థితిలో ఉన్నారు. మొదటివాడికి కనీసం తన మోతాదు ఎంతో తెలుసు, రెండవవాడికి అదీ తెలియదు.

ఏది మనసుది, ఏది మత్తుది

తన ఆందోళన ఎక్కడ నుండి వస్తున్నదో తెలుసుకోవడానికి గడియారం బాగా ఉపకరిస్తుంది. కలవరం నిర్దిష్టమైన సమస్యను బట్టి కాక ఆఖరిసారి తాగిన లేదా మాత్ర వేసుకున్న వేళను బట్టి పెరుగుతుంటే, తెల్లవారుజామున లేదా పొద్దు వాలేటప్పుడు ముదురుతుంటే, మత్తు తగలగానే నిమిషాలలో మాయమవుతుంటే, మొదటి నెలలో సరిపోయిన మోతాదు ఇప్పుడు చాలకపోతుంటే, ఆ ఆందోళనలో విరమణ వాటా పెద్దదని గ్రహించాలి. మద్యం మానిన తరువాత సుమారు నాలుగు వారాలు గడిచినా మిగిలి ఉన్న ఆందోళనను మాత్రమే వైద్యులు స్వతంత్రమైన వ్యాధిగా పరిగణిస్తారు, ఎందుకంటే ఆ గడువులోగా చాలామందిలో అది గణనీయంగా తగ్గుతుంది. దీర్ఘకాలం నిద్రమాత్రలు వాడినవారిలో ఈ గడువు మరింత పొడవుగా ఉండవచ్చు.

నెలల తరబడి రోజూ తాగేవారు, మాత్రలు వేసుకునేవారు పట్టుదలతో ఒక్కరోజులో మానడం మాత్రం కూడదు. 2015లో ఆసుపత్రులు నిండింది అలా ఉన్నట్టుండి ఆగినందువల్లనే. తక్కెడలో ఒకవైపు బరువును కొంచెం కొంచెంగా తీస్తే మెదడు రెండవవైపు బరువును తానే దించుకుంటుంది. అందుకే వైద్యుడు కల్లులోని తెలియని మందు స్థానంలో తెలిసిన మోతాదులో డయజెపామ్ ఇచ్చి, మద్యం తాగేవారికి థయమిన్ అనే బి1 విటమిన్ జోడించి, క్రమంగా తగ్గిస్తాడు. ఏళ్ళ తరబడి మాత్రలు వాడినవారికి ప్రతి రెండు నుండి నాలుగు వారాలకు మోతాదులో ఐదు నుండి పది శాతం చొప్పున తగ్గించడం సాధారణంగా భరించదగిన వేగం. కల్లు సీసాల సంఖ్యను ఇంట్లోనే లెక్క ప్రకారం తగ్గించుకోవడం ఈ పద్ధతికి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే నిన్నటి సీసాలోనూ నేటి సీసాలోనూ మందు ఒకే మోతాదులో ఉందన్న నమ్మకం లేదు. మూర్ఛ వచ్చినా, మాట తడబడి మనుషులను గుర్తించలేకపోయినా, రేగొండ పరిసరాలవారు వరంగల్ ఎంజీఎం వంటి పెద్ద ఆసుపత్రికి వెంటనే చేరాలి. అంత అత్యవసరం కాని సందర్భంలో టెలీ మానస్ నంబరు 14416కు, పొగాకు మానదలచినవారు 1800-11-2356కు ఫోను చేసి సలహా పొందవచ్చు.

మత్తు దిగాక కూడా మిగిలే అసలు ఆందోళనకు చికిత్సలు ఉన్నాయి, అయితే వాటి వేగం వేరు. ఆందోళనకు వైద్యులు మొదట ఇచ్చే సెరటోనిన్ సంబంధిత మందులు పనిచేయడానికి రెండు నుండి ఆరు వారాలు పడుతుంది. భయాలను మాటలతో, అభ్యాసంతో ఎదుర్కొనడం నేర్పే చికిత్సకు నెలలు పట్టవచ్చు. పది నిమిషాలలో ఊరట ఇచ్చే సీసా పక్కన ఇవి నిష్ప్రయోజనంగా తోచడం సహజమే. కానీ పది నిమిషాలలో వచ్చే ఊరటను మెదడు మరునాటికే సరిచేసి వెనక్కి తీసుకుంటుంది, వారాల మీద వచ్చే మార్పు మెదడు తానుగా చేసుకున్నది కనుక నిలుస్తుంది. ఆ రైతు ఇంటివారు అతని తెల్లవారుజాము దడను బలహీనత అని నిందించకుండా, అది ఏ వేళ మొదలవుతున్నదో రెండు వారాలు రాసిపెట్టి వైద్యుని ముందు ఉంచగలిగితే, చికిత్సలో మొదటి అడుగు అప్పటికే పడినట్లు.